4U నలభై ఎలా అవుతుంది: మందుల చీటీల్లో ముందుగా ఆపవలసిన పొట్టి రాతలు

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. కేస్ షీట్లలో 4U, MTX, OW, 1.0, CST లాంటి రాతలు రోజూ వస్తుంటాయి. వాడకూడని పొట్టి రాతల పట్టిక ఒకటి గోడకు అంటించాం కానీ ఎవరూ చూడటం లేదు. వీటిలో నిజంగా ప్రమాదకరమైనవి ఏవి? వాటి బదులు ఏమి రాయమని డాక్టర్లను అడగాలి?

సమాధానం:

నమస్కారమండీ. పొట్టి రాతలన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. వాటన్నిటినీ ఒకే పట్టికలో పెట్టి అంటించడం వల్లనే ఆ పట్టికను ఎవరూ పట్టించుకోరని నా అభిప్రాయం. ఏ రాతను ముందుగా ఆపాలో తేల్చుకోవడానికి నేను మూడు విషయాలు చూస్తాను. ఆ రాతను వేరే విధంగా చదవడానికి వీలుందా, అలా తప్పుగా చదివిన మోతాదు కూడా నమ్మదగినదిగానే కనిపిస్తుందా, ఆ తప్పు మోతాదును మన దగ్గరున్న మాత్రతోనో సిరంజితోనో ఏ ఇబ్బందీ లేకుండా ఇచ్చేయగలమా అన్నవే ఆ మూడూ. మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ రాతను ఈ రోజే ఆపించాలి. ఉదాహరణకు డిగాక్సిన్ .25 అని రాసినప్పుడు చుక్క కనపడక 25 మిల్లీగ్రాములని చదివినా, ఆ లెక్కన వంద మాత్రలు ఇవ్వవలసి వస్తుంది కాబట్టి ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. ఎవరికీ ఆగవలసిన అవసరం కనిపించని తప్పులే రోగి దాకా చేరతాయి.

విడివిడిగా చెప్పేకంటే ఒక చీటీని తీసుకుని వరుసగా చూద్దాం. రోగి 65 ఏళ్ల మహిళ అనుకోండి. షుగర్ అదుపులో లేక చేరారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, గుండె లయ సరిగా లేనందున రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇంతకుముందు నుంచే వాడుతున్నారు. రాత్రిపూట కొద్దిగా అయోమయంగా, గాభరాగా ఉంటున్నారు. ఇది నేను కల్పించిన చీటీ, అయినా ఇందులోని ప్రతి రాతా మీ వార్డులో మీకు కనపడేదే.

```
Inj Reg Insulin 4U SC TDS AC
Tab MTX 7.5 OW
Tab FA 5 OW
Tab Warfarin 1.0 OD
Tab Haloperidol .5 HS SOS
Rest CST
```

మొదటి వరుసలో యూనిట్లకు బదులుగా రాసిన U సంగతి చూడండి. తొందరగా రాసేటప్పుడు ఆ అక్షరం పైభాగం కలిసిపోతుంది, అంకెకు అతుక్కుని కూడా ఉంటుంది. అప్పుడు 4U కాస్తా 40 అవుతుంది. కొందరి చేతిరాతలో అది 44 లాగా కూడా కనిపిస్తుంది. మన దేశంలో ఈ తప్పుకు ఇంకొక అనుకూలత ఉంది. మన వార్డుల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడే వయల్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి వాడే ఎర్ర మూత సిరంజిలో సరిగ్గా 40 యూనిట్లే పడతాయి. అందువల్ల నలభై అని చదివిన నర్సుకు సిరంజి నిండుగా ఒక్కసారి ఎక్కించడమే పని, చేతికి ఏ అడ్డమూ తగలదు. అదే 6U రాసి ఉంటే, 60 అని చదివినా ఆ సిరంజిలో పట్టదు కాబట్టి రెండోసారి ఎక్కించే ముందు ఒకసారి అనుమానం రావచ్చు. షుగర్ బాగా పెరిగి ఉన్న రోగికి నలభై యూనిట్లు అసాధ్యమైన మోతాదుగా కూడా అనిపించదు. నేను పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ ఇక్కడ అవుననే జవాబు వస్తుంది.

రెగ్యులర్ ఇన్సులిన్ చర్మం కింద ఇచ్చిన అరగంటలో పని మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. రాత్రి భోజనానికి ముందు నాలుగుకు బదులు నలభై వెళితే, వార్డులో దీపాలు ఆర్పే వేళకు షుగర్ పడిపోవడం మొదలవుతుంది. చెమట, వణుకు, అయోమయం కనపడాలి నిజమే, కానీ ఈ రోగికి అయోమయం ముందే ఉంది, పైగా రాత్రి నిద్రకు, గాభరాకు ఇంకొక మందు రాసి ఉంది. పడిపోతున్న షుగర్‌ను చూసి మళ్లీ అదే గాభరా వచ్చిందనుకునే ప్రమాదం ఇక్కడ చాలా ఎక్కువ.

దీనికి చేయవలసిన దిద్దుబాటు చాలా చిన్నది. యూనిట్ అన్న మాటను పూర్తిగా రాయాలి, అంకెకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. IU అని రాయడం కూడా పరిష్కారం కాదు. దాన్ని IV అని చదివితే చర్మం కింద ఇవ్వవలసింది నరంలోకి వెళుతుంది, 10 అని చదివితే మోతాదే మారిపోతుంది. వయల్ మీద కంపెనీ IU అని అచ్చు వేస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. అచ్చులో అది స్పష్టంగానే ఉంటుంది, మన గొడవ చేతిరాతతో. హెపారిన్‌కూ ఇదే నియమం వర్తిస్తుంది. 5000U అన్న రాతను 50000 అని చదవడానికి ఒక్క గుండ్రం చాలు. అందుకే అక్కడ వేలకు కామా కూడా పెట్టించండి.

ఇన్సులిన్ విషయంలో ఇంకొక మాట చెప్పాలి. మోతాదును యూనిట్లలో స్పష్టంగా రాసినా, ఏ వయల్, ఏ సిరంజి అన్నది కలగాపులగమైతే ఫలితం మళ్లీ తప్పే. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఆ మందును ఎవరైనా ఎర్ర మూత సిరంజితో లాగి 4 గీత దాకా నింపితే, వెళ్లేది నాలుగు కాదు, పది యూనిట్లు. తిరగేసి, 40 యూనిట్ల వయల్‌ను 100 యూనిట్ల సిరంజితో లాగితే 4 గీత దగ్గర వెళ్లేది ఒకటిన్నర యూనిట్ల కంటే కాస్త ఎక్కువ మాత్రమే. అందువల్ల ఆర్డరులో మందు గాఢతను కూడా రాయమంటాను, మోతాదును మిల్లీలీటర్లలో ఎప్పుడూ రాయవద్దంటాను. U-40 అని గాఢతను, 40U అని మోతాదును పక్కపక్కనే రాసిన చీటీలు కూడా వస్తాయి. అలాంటప్పుడు గాఢతను మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని విప్పి రాయించాలి.

ఇక సున్నాలు. వార్ఫరిన్ 1.0 అన్న రాతలో చివరి సున్నా ఏ సమాచారమూ ఇవ్వదు, చుక్క మాసిపోతే మాత్రం ఒకటిని పది చేస్తుంది. గీతల కాగితం మీద, కార్బన్ కాపీ మీద, ఫోనులో ఫొటో తీసి పంపిన చీటీ మీద చుక్క పోవడం మామూలే. 10 మిల్లీగ్రాములంటే ఫార్మసీలో ఉన్న 5 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, అంతే. ఈ తప్పు ఇన్సులిన్ తప్పులాగా గంటల్లో బయటపడదు. వార్ఫరిన్ పూర్తి ప్రభావం రక్తపరీక్షలో కనపడటానికి రెండు మూడు రోజులు లేదా ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి, చిగుళ్ల నుంచి రక్తం, నల్లని మలం, ఇంజెక్షన్ వేసిన చోట పెద్ద కమిలిన మచ్చ కనపడేసరికి చాలా మోతాదులు లోపలికి వెళ్లిపోయి ఉంటాయి.

హాలోపెరిడాల్ .5 దీనికి ఎదురు తప్పు. ఇక్కడ ముందు ఉండవలసిన సున్నా లేదు. చుక్క కనపడకపోతే అది 5 మిల్లీగ్రాములు, ఆ బలంతో మాత్ర కూడా దొరుకుతుంది. వయసు మళ్లిన రోగికి అది పది రెట్లు. మర్నాడు పొద్దున ఆమె మత్తుగా, బిగుసుకుపోయినట్టు ఉంటే రాత్రి బాగా నిద్రపట్టిందని సరిపెట్టుకునే వీలుంది. డిగాక్సిన్‌కూ హాలోపెరిడాల్‌కూ రాతలో ఉన్న లోపం ఒకటే, కానీ ఒకటి దానంతట అదే ఆగిపోతుంది, ఇంకొకటి ఆగదు. అయినా డాక్టర్లకు మందును బట్టి నియమం మార్చి చెప్పలేము కాబట్టి నియమం ఒకటే పెట్టండి: పూర్ణసంఖ్య తరువాత చుక్కా సున్నా రాయకూడదు, ఒకటికి తక్కువైన సంఖ్యకు ముందు సున్నా తప్పక రాయాలి.

ఈ నియమం మందుల మోతాదులకు మాత్రమే. అమెరికాలోని జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన వాడరాని రాతల పట్టికలో కూడా ఈ రెండు సున్నాల నియమాలూ ఉన్నాయి, అయితే ల్యాబ్ ఫలితాలకు, స్కానులో కొలిచిన గడ్డల పరిమాణాలకు, ట్యూబులు, కాథెటర్ల సైజులకు చివరి సున్నాను అనుమతించారు. క్రియాటినిన్ 1.0 అన్నప్పుడు ఆ సున్నా కొలత ఎంత సూక్ష్మమో చెబుతుంది, 7.0 ట్యూబు అన్నది ఆ ట్యూబు పేరే. దీన్ని ముందే చెప్పకపోతే మత్తు ఇచ్చే డాక్టరు ఎవరో ఒకరు ట్యూబు సైజు చూపించి మీ నియమం మొత్తాన్నీ కొట్టిపారేస్తారు.

మైక్రోగ్రాములకు గ్రీకు అక్షరంతో µg అని రాయించవద్దు, అది mg అయిపోతే తేడా వెయ్యి రెట్లు. mcg అని రాయాలి, వీలైతే మాటను పూర్తిగానే రాయాలి. థైరాయిడ్ మాత్రను 0.05 mg అని కాకుండా 50 mcg అని రాస్తే చుక్క ప్రసక్తే ఉండదు.

ఈ చీటీలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది రెండో వరుస. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారి ఇస్తారు. మన వార్డుల్లో మాత్రల్లో నూటికి తొంభై రోజూ వేసేవే కాబట్టి, అందరి కళ్లూ ప్రతి వరుసలోనూ OD నే వెతుకుతాయి. వారానికి ఒకసారి అని చెప్పే OW అన్నది చాలామంది నర్సులు చదువులో ఎప్పుడూ చూడని రాత. దాన్ని OD గా చదవడం అజాగ్రత్త కాదు, అలవాటు. 7.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి రోజూ ఇచ్చినా ఎవరికీ వింతగా అనిపించదు, వారం గడిచేసరికి మాత్రం 52.5 మిల్లీగ్రాములు వెళ్లిపోతుంది. ఈ మందు ఫోలేట్‌ను అడ్డుకుని, వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ముందు నోట్లో పుళ్లు, గొంతు మంట, విరేచనాలు, ఆ తరువాత జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు, రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం వరుసగా కనపడతాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న షుగర్ రోగిలో మందు బయటికి పోక ఇంకా త్వరగా ముదురుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలు వివిధ దేశాల్లో నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ వాడుతున్న మనిషికి నోరు పూసిందని విన్నప్పుడు విటమిన్ మాత్ర ఇచ్చి పంపకండి. రోజుకు ఒకటి వేసుకుంటున్నారా, వారానికి ఒకటా అన్నది ముందు అడగండి, డ్రగ్ చార్టులో వరుస రోజుల్లో సంతకాలు పడ్డాయేమో చూడండి. పడి ఉంటే మందు ఆపి అప్పటికప్పుడు డాక్టరుకు చెప్పాలి. లూకోవొరిన్ విరుగుడుగా పనిచేస్తుంది, అయితే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఇక్కడ OW ను విప్పి రాయించడం ఒక్కటే చాలదు. మందు పేరు పూర్తిగా ఉండాలి, MTX అన్న కుదింపును మైటోజాంట్రోన్‌గా పొరబడిన సందర్భాలు ఉన్నాయి. ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు పూర్తిగా ఉండాలి. సోమవారాన్ని Mon అని కుదిస్తే Morn అని చదివి ప్రతి ఉదయం ఇచ్చే వీలుంది కాబట్టి నేను బుధవారమో ఆదివారమో ఎంచుకోమంటాను. ఏ జబ్బుకో కూడా రాయాలి, ఎందుకంటే ఇదే మందు క్యాన్సరులో వేరే లెక్కన వాడతారు, జబ్బు పేరు ఉంటే ఫార్మసిస్టు మోతాదును సరిచూడగలడు. డ్రగ్ చార్టులో మిగతా ఆరు రోజుల గడులనూ డాక్టరు చేతనే కొట్టివేయించండి. ఖాళీ గడి కనపడితే నర్సు చేయి సంతకానికి వెళుతుంది. ఇంటికి పంపేటప్పుడు నాలుగు వారాలకు నాలుగు మాత్రలే ఇవ్వండి, పది మాత్రల స్ట్రిప్పు మొత్తం ఇవ్వకండి. కవరు మీద తెలుగులో రాసేటప్పుడు కూడా “వారం” అని ఒక్క ముక్కతో వదిలేస్తే వారం రోజులు వాడాలని కొందరు అనుకుంటారు. “వారానికి ఒక్కసారే, బుధవారం మాత్రమే, రోజూ వేసుకోకూడదు” అని పూర్తిగా రాయండి.

మూడో వరుసలో ఫోలిక్ యాసిడ్ కూడా OW అనే ఉంది. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజున కాకుండా వేరే రోజున ఇవ్వాలని డాక్టరు ఉద్దేశం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ రాత ఈ విషయం చెప్పదు. ఫోలిక్ యాసిడ్‌ను కొందరు వారంలో ఒక్క రోజే ఇస్తారు, కొందరు ఎక్కువ రోజులు ఇస్తారు కాబట్టి దీన్ని ఫార్మసీలో ఊహించి పూరించకూడదు.

మందుల పేర్ల కుదింపుల గురించి ఎక్కువ చెప్పను. AZT అన్నది అజాథయోప్రినా, అజిత్రోమైసినా, జిడోవుడినా అన్నది రాసిన డాక్టరు ఏ విభాగం వారో తెలిస్తే తప్ప తెలియదు, ఆ కాగితం వేరే విభాగానికి వెళ్లినప్పుడు ఆ ఆధారం కూడా పోతుంది. MSO4, MgSO4 అన్నవి ఒకటి మార్ఫిన్, ఇంకొకటి మెగ్నీషియం. కాన్పుల వార్డులో గుర్రపువాతానికి రెండోది రోజూ వాడతారు కాబట్టి అక్కడ ఎవరూ పొరబడరని అంటారు. అదే రోగి ఆపరేషన్ థియేటరుకు, ఐసీయూకు వెళ్లినప్పుడు చదివేవారు మారతారు. పేరు పూర్తిగా రాయడానికి పట్టే సమయం ఎంతో మీకు తెలిసిందే.

రోజుకు ఎన్నిసార్లో చెప్పే OD, BD, TDS విషయంలో నాది కొంచెం మెతక వైఖరి. మన దేశంలో OD అంటే రోజుకు ఒకసారి అని అందరికీ తెలుసు. కంటి డాక్టర్ల వాడుకలో అదే రాత కుడి కన్ను అవుతుంది, కంటి చుక్కల మందు పక్కన అది ఉంటే రెండు అర్థాలూ పొసగుతాయి కాబట్టి అక్కడ మాత్రం అస్సలు ఒప్పుకోకండి. అమెరికా వెళ్లే మన డాక్టర్లకు ఇది మొదటి వారంలోనే ఎదురవుతుంది. అక్కడ OD కుడి కన్నే, రోజుకు ఒకసారి అనడానికి రాసే QD కూడా QID గా, అంటే నాలుగుసార్లుగా చదవబడుతున్నందున వాడరాని పట్టికలో ఉంది. HS అన్నది పడుకునే ముందు అనీ, సగం బలం అనీ రెండు విధాలా వాడుకలో ఉంది. ఇక్కడి వార్డులో మొదటి దశలోనే వీటన్నిటి మీదా యుద్ధం ప్రకటిస్తే U మీద గెలవరు. ముందు ఇన్సులిన్, సున్నాలు, వారానికొకసారి మందులు, పేర్ల కుదింపులు పట్టుకోండి, ఆ తరువాత వీటికి రండి. బయటి రోగుల చీటీల్లో 1-0-1 అన్న పద్ధతి మన రోగులకు బాగా అలవాటు, దాన్ని తీసివేయనక్కరలేదు. దాని పైన పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అచ్చు వేయిస్తే చాలు. సగం మాత్రను మాత్రం 1/2 అని రాయనివ్వకండి, ఒకటో రెండో అని చదువుతారు. “సగం మాత్ర” అని మాటల్లో రాయాలి.

అవసరమైతే ఇవ్వమని చెప్పడానికి SOS అని మాత్రమే రాస్తే ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది నర్సు ఊహకు వదిలినట్టే. ఏ లక్షణం కనపడితే ఇవ్వాలి, 24 గంటల్లో గరిష్ఠంగా ఎన్ని మోతాదులు అన్నవి రెండూ రాయాలి.

చివరి వరుస చిన్నదే కానీ అందులో కనపడని మందులన్నీ దాక్కుని ఉన్నాయి. CST అంటే ఇంతకుముందున్న చికిత్సే కొనసాగించమని. ఏ రోజు నాటి చికిత్స? ఆపరేషన్ కోసం నిన్న ఆపిన వార్ఫరిన్ అందులో ఉన్నట్టా, లేనట్టా? ఇంటి నుంచి తెచ్చుకున్న షుగర్ మాత్ర కూడా కొనసాగినట్టేనా, అలాగైతే ఇన్సులిన్‌తో కలిపి ఇస్తున్నామా? రోజువారీ రౌండ్లలో డ్రగ్ చార్టు పక్కనే ఉన్నప్పుడు ఈ రాత పెద్దగా హాని చేయకపోవచ్చు. వార్డు మారినప్పుడు, ఆపరేషన్ తరువాత, డిశ్చార్జి రోజున మాత్రం ప్రతి మందునూ మళ్లీ పేరు పేరునా రాయించాలి, ఆపినవాటిని ఆపినట్టు రాయించాలి.

డాక్టరును అడిగి తేల్చుకున్న తరువాత ఆ చీటీ ఇలా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ రోజు, వార్ఫరిన్ వేళ, హాలోపెరిడాల్ గరిష్ఠ పరిమితి డాక్టరు చెప్పినవే, మనం ఊహించినవి కావు. CST స్థానంలో మిగతా మందులు విడిగా ఒక్కొక్క వరుసలో వస్తాయి.

```
Inj. REGULAR INSULIN (40 units/mL vial) 4 units subcutaneous,
   30 minutes before breakfast, lunch and dinner
Tab. METHOTREXATE 7.5 mg ONCE A WEEK, WEDNESDAY only,
   for rheumatoid arthritis
Tab. FOLIC ACID 5 mg ONCE A WEEK, FRIDAY only
Tab. WARFARIN 1 mg once daily at 6 pm
Tab. HALOPERIDOL 0.5 mg at night only if agitated,
   maximum one dose in 24 hours
```

పెద్ద అక్షరాల్లో రాయమని 2016లో మెడికల్ కౌన్సిల్ తన నియమావళిని సవరించింది కదా, అది చాలదా అని మిమ్మల్ని అడుగుతారు. మందుల జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయాలన్నది ఆ సవరణ. పేర్లు చదవడానికి అది ఎంతో మేలు చేస్తుంది. కానీ పెద్ద అక్షరాల్లో రాసినా U పైభాగం కలిస్తే సున్నాయే, అందంగా రాసిన 1.0 కూడా ఫొటోకాపీలో 10 కావచ్చు. చేతిరాత బాగుండటం, రాసే పద్ధతి సరిగా ఉండటం వేరు వేరు విషయాలు. కంప్యూటరు వచ్చినా ఇదే పరిస్థితి. మందును జాబితా నుంచి ఎంచుకున్నప్పుడు సమస్య తగ్గుతుంది, కింద సొంతంగా టైపు చేసే గడి ఉంటే మళ్లీ 4U అక్కడ ప్రత్యక్షమవుతుంది. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఏ మందు ఎంచుకున్నా రోజుకు ఒకసారి అన్నది ముందే నిండి ఉంటుంది. మెథోట్రెక్సేట్‌కు దాన్ని వారానికి ఒకసారిగా మార్చమని, రోజూ అని ఎంచుకుంటే కారణం రాసేదాకా ముందుకు వెళ్లనివ్వవద్దని మీ ఐటీ వారికి రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు మీ గోడ పట్టిక సంగతి. దాన్ని తీసేసి, ఇన్సులిన్‌కు విడిగా ఒక చార్టు అచ్చు వేయించండి. అందులో మోతాదు గడి పక్కన యూనిట్లు అన్న మాట అచ్చులోనే ఉంటుంది, డాక్టరు అంకె మాత్రం వేస్తారు. ఒక పొట్టి రాతను మానమని చెప్పడం కంటే దాన్ని రాయవలసిన అవసరమే లేకుండా చేయడం ఎప్పుడూ సులువు. రెండో పని, ఈ నాలుగైదు రాతలు ఉన్న చీటీకి ఫార్మసీ నుంచి మందు వెళ్లే ముందు ఫోను చేసి తేల్చుకోవాలన్న నియమాన్ని మెడికల్ సూపరింటెండెంటు సంతకంతో పెట్టించుకోండి. ఆ సంతకం లేకపోతే మొదటి పెద్ద డాక్టరు కోప్పడిన రోజున నియమం ఆగిపోతుంది.

ఫోనులో అడిగే తీరు కూడా ముఖ్యం. “సార్, నలభై యూనిట్లే కదండీ?” అని అడిగితే రౌండ్ల మధ్యలో ఉన్న డాక్టరు ఆ, ఆ అని పెట్టేస్తారు. అంకె మీరు చెప్పకండి. “సార్, ఫలానా మంచం రోగికి రెగ్యులర్ ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు రాశారండీ?” అని అడిగి, ఆయన చెప్పింది ముందు కాగితం మీద పెట్టి, తిరిగి చదివి వినిపించండి: “నాలుగు యూనిట్లు, ఒక్క అంకె, నాలుగు. సరేనాండీ?” పాత రాత మీద మీరు దిద్దవద్దు, సున్నాను గుండ్రంగా చుట్టి యూనిట్ అని పక్కన రాయవద్దు. డాక్టరు పాత వరుసను కొట్టివేసి, కొత్తగా రాసి, తేదీ, సమయం, సంతకం పెట్టాలి. ప్రతి ఫోనునూ ఒక పుస్తకంలో నమోదు చేయండి: ఏ రాత, ఎలా చదివాం, అసలు ఉద్దేశం ఏమిటి. డాక్టరు పేరు అందులో వద్దు. నెల తిరిగాక డాక్టర్ల సమావేశంలో ఆ చీటీల ఫొటోలు, పేర్లు కప్పేసి, చూపించి ఇది ఎంతో చదవమనండి. తమ తోటివారే రెండు రకాలుగా చదవడం చూసినప్పుడు కలిగే ప్రభావం ఏ పట్టికకూ ఉండదు.

రాత్రి భోజనం వేళ, రాసిన డాక్టరు ఫోను ఎత్తకపోతే ఏమి చేయాలన్నది తరువాత మీకు తప్పక వచ్చే ప్రశ్న. 4 నా 40 నా అన్న సందేహం ఉండగా, తక్కువది ఇస్తే పోతుందిలే అని ఇవ్వడం కూడా ఊహించడమే. డ్యూటీ డాక్టరును మంచం దగ్గరకు పిలిచి, అప్పుడే గ్లూకోమీటరుతో షుగర్ చూసి, ఆయన చేత కొత్త ఆర్డరు రాయించుకోండి. అంతవరకు భోజనం ట్రేను కాసేపు ఆపమని నర్సుకు చెప్పండి, ఎందుకంటే రెగ్యులర్ ఇన్సులిన్ భోజనానికి ముందు పడాలి. వారానికి ఒకసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ అయితే ఆ తొందర కూడా లేదు, ఆ రాత్రికి ఆపి పొద్దున రాసిన డాక్టరునే అడగవచ్చు.